నీచ శుక్రుడు, ఉచ్చ నవాంశ

రామకృష్ణపురం సర్కారీ క్వార్టర్లలోనో, కరోల్ బాగ్ ఇరుకు వీథులలోనో, ఈ మధ్యకాలమున ద్వారకలోను నోయిడాలోను లేచిన బహుళ అంతస్తుల భవనాలలోనో కాపురముంటూ, రెండు మూడు తరాలుగా దేశరాజధానిని ఆశ్రయించుకొనియున్న తెలుగు కుటుంబాలలో పెండ్లి మాట పుట్టినప్పుడు జాతకము రెండు రూపాలలో చేతులు మారుతూ ఉంటుంది. ఊరి నుండి పెద్దలు పంపినది చతురస్రపు చక్రము. అందు రాశులు తమ తమ గళ్లను విడిచి కదలవు, లగ్నమే గడి మారుతుంది. ఢిల్లీలో వేయించినది వజ్రాకారపు చక్రము. అందు పై నడిమి గడి ఎల్లప్పుడును లగ్నమే, రాశి మాత్రము అంకె రూపమున గడిలో వ్రాయబడి ఉంటుంది. గడిలోని 5 అను అంకెను చూచి అది పంచమభావమని భ్రమించి, సింహరాశి అని తెలిసికొనలేక, లేని దోషమును కల్పించుకొన్న వారిని ఈ వ్యాసకర్త ఎరుగును. నవాంశ చక్రము విషయమున ఈ భ్రమ మరింత సులభము. ఏలయనగా రాశిచక్రమునకు పంచాంగము చూచియైనా సరిచూచుకొనవచ్చును గాని, నవాంశకు లెక్క తెలియనిదే సరిచూచు దారి లేదు.

ఇక్కడ మాటలాడేవారిద్దరు. ఒకరు కేంద్రప్రభుత్వ కార్యాలయమున పనిచేసి విశ్రాంతి పొంది, కస్తూర్బా గాంధీ మార్గమందలి భారతీయ విద్యాభవన్‌లో జ్యోతిష తరగతులకు పోయి చదువుకొన్న మేనమామ. రెండవవారు కళాశాలలో గణాంకశాస్త్రము బోధించే ఆయన మేనకోడలు. ఆమె చెల్లెలికి అనంతపురము సంబంధము వచ్చింది. చెల్లెలి శుక్రుడు కన్యలో నీచస్థితిలో ఉన్నాడని అటువారు సందేహించారు. నవాంశలో ఆ శుక్రుడు ఉచ్చలో ఉన్నాడని మేనమామ సమాధానము వ్రాయబోయారు. అంతటితో వాదము మొదలయింది.

మేనకోడలు: మామయ్యా, ఒకే గ్రహము ఒకే క్షణమున ఒక చక్రములో నీచుడు, మరొక చక్రములో ఉచ్చుడు అంటున్నారు. ఆకాశములో శుక్రుడు ఒక్కడే గదా! మొదటి చక్రము మీకు నచ్చకపోతే రెండవదానిని చూపుతారు, అదీ నచ్చకపోతే మూడవది. పదహారు వర్గులు పెట్టుకొని కూర్చున్నవారికి కావలసిన ఫలితము ఏదో ఒకదానిలో దొరకకపోవడమే వింత.

మామయ్య: నీవు నవాంశను రెండవ ఆకాశమనుకొంటున్నావు, అమ్మాయీ. అది అదే ఆకాశమును సన్నని కొలతతో మరల కొలవడము. రాశికి 30 డిగ్రీలు. దానిని తొమ్మిది భాగాలు చేస్తే ఒక్కొక్కటి 3 డిగ్రీల 20 లిప్తలు. రాశిచక్రమంతటా అటువంటి భాగాలు 108. వాటికి మేషము మొదలుకొని వరుసగా మేష, వృషభ, మిథునములని పేర్లు పెట్టుకొంటూ పోతే, పన్నెండు పేర్లు తొమ్మిది మారులు తిరిగి, చివరి భాగము మీనముతో సరిగా ముగుస్తుంది. నడుమ ఎక్కడా తెగదు, ఎక్కడా మిగలదు.

మేనకోడలు: చరరాశికి తనతో మొదలు, స్థిరరాశికి తొమ్మిదవ రాశితో, ద్విస్వభావరాశికి అయిదవ రాశితో మొదలు అని మీరే చిన్నప్పుడు నాకు వల్లె వేయించారు. ఆ నియమము ఎవరి ఇష్టము కొద్దీ పెట్టినదోనని అప్పుడే అనిపించింది.

మామయ్య: ఆ నియమము వేరుగా ఎవరూ కల్పించినది కాదు, నేనిప్పుడు చెప్పిన అవిచ్ఛిన్నగణనకు అది గుర్తుపెట్టుకొనే ఉపాయము. మేషములో తొమ్మిది భాగాలు మేషము నుండి ధనుస్సు దాకా అయిపోతే, వృషభములోని మొదటి భాగము సహజముగా మకరము కావలసిందే. మకరము వృషభమునకు తొమ్మిదవది. మిథునములోని మొదటిది తుల, అది మిథునమునకు అయిదవది. కర్కాటకమునకు వచ్చేసరికి గణన మళ్ళీ కర్కాటకముతోనే మొదలవుతుంది. ఇక నీ గణితమునకే ఒక ప్రశ్న. రాశులు పన్నెండు, నక్షత్రములు ఇరువదియేడు; రాశికి 30 డిగ్రీలు, నక్షత్రమునకు 13 డిగ్రీల 20 లిప్తలు. ఈ రెండింటిని శేషము లేకుండ కొలవగల అతిపెద్ద కొలత ఏది?

మేనకోడలు: 12కును 27కును కనిష్ఠ సామాన్య గుణిజము 108. 360ని దానితో భాగిస్తే 3 డిగ్రీల 20 లిప్తలు. రాశిలో తొమ్మిది, నక్షత్రములో నాలుగు. ఔను, అది నక్షత్రపాదమే.

మామయ్య: నవాంశకున్న గౌరవమునకు మూలము అదే అని నేను నమ్ముతాను. మన దేశమున చంద్రుని నడకను నక్షత్రములతో కొలిచే పద్ధతి ఒకటి, సూర్యుని నడకను రాశులతో కొలిచే పద్ధతి ఒకటి ఉండగా, రెండింటికీ కలిసివచ్చే మొదటి కొలత ఈ పాదము. పదహారు వర్గులలో హోర, ద్రేక్కాణము, ద్వాదశాంశము మొదలైనవి రాశిని ఖండించినవే గాని, నక్షత్రపు సరిహద్దులను గౌరవించవు. కాబట్టే వరాహమిహిరుడు బృహజ్జాతకములో తక్కిన వర్గుల నన్నింటికంటె నవాంశనే ఎక్కువగా వాడుకొన్నాడు. పరాశరహోరలో షడ్వర్గబలమునకు మొత్తము 20 పాళ్లు నిర్ణయిస్తే, అందు రాశికి 6, నవాంశకు 5. ద్రేక్కాణమునకు 4 పోగా మిగిలిన 5 పాళ్లే తక్కిన మూడు వర్గులూ పంచుకొంటాయి.

మేనకోడలు: కొలత అందముగా ఉన్నదని ఒప్పుకొన్నాను. అందమైన కొలత బలమును ఎట్లా కొలుస్తుంది?

మామయ్య: గ్రహము స్వక్షేత్రములో, ఉచ్చలో, మిత్రుని ఇంట ఉంటే బలవంతుడని, శత్రువు ఇంట, నీచలో ఉంటే బలహీనుడని మొదటి సూత్రము. కాని శుక్రుడు ఒక రాశిలో ఇంచుమించు ఇరువదినాలుగు దినములు ఉంటాడు. శని రెండున్నర సంవత్సరాలు ఉంటాడు. ఆ కాలమున పుట్టిన వారందరికీ శని ఒకే బలము గలవాడంటే ఆ మాటలో ఏమి పస ఉన్నది? నవాంశలో శుక్రుడు మూడు దినములకు లోపే పాదము మారుతాడు, శనియైనను కొన్ని నెలలకే మారుతాడు. రాశి ఇచ్చిన తీర్పును నవాంశ తరచి చూస్తుంది: రెండింటా బాగుంటే బలము స్థిరము, రెండింటా చెడితే చెడుగు స్థిరము, ఒకచోట బాగుండి మరొకచోట చెడితే ఫలము మొదట ఒకరీతిగా కనబడి పిదప మారుతుందని అంటారు. రాశిలోను నవాంశలోను ఒకే రాశిలో ఉండడమును వర్గోత్తమమంటారు. చరరాశి మొదటి పాదమున, స్థిరరాశి నడిమి పాదమున, ద్విస్వభావరాశి చివరి పాదమున మాత్రమే అది సంభవిస్తుంది. వర్గోత్తమమంటేనే శుభమని చాలామంది అనుకొంటారు, అది పొరపాటు. కన్య చివరి పాదమున ఉన్న శుక్రుడు వర్గోత్తముడే, కాని రెండు చక్రములలోను నీచుడు.

మేనకోడలు: సరే, చెల్లెలి జాతకమునే తీసికొందాము.

మామయ్య: చెల్లెలిది వృశ్చికలగ్నము, లగ్నస్ఫుటము 14 డిగ్రీలు. సప్తమము వృషభము, దాని అధిపతి శుక్రుడు. వివాహకారకుడును శుక్రుడే, స్త్రీజాతకమున గురుని కూడ చూడాలనే సంప్రదాయమున్నా ఇక్కడ శుక్రునిమీదనే భారమంతా పడింది. ఆ శుక్రుడు కన్యలో 9 డిగ్రీల 10 లిప్తలలో ఉన్నాడు. కన్య ద్విస్వభావము గనుక అయిదవదైన మకరముతో గణన మొదలు. 3 డిగ్రీల 20 లిప్తల దాకా మకరము, 6 డిగ్రీల 40 లిప్తల దాకా కుంభము, 10 డిగ్రీల దాకా మీనము. ఉత్తరఫల్గుని నాలుగవ పాదమది. మీనము శుక్రునికి ఉచ్చ. రాశిలో సప్తమాధిపతి లాభస్థానమున ఉన్నాడు. వివాహయోగము అక్కడే కనబడుతున్నది. నీచత్వము వల్ల ఆరంభమున ఆటంకము, నవాంశోచ్చ వల్ల పిదప స్థైర్యము. నేను వ్రాయదలచినది ఇంతే.

మేనకోడలు: అనంతపురము వారు మాత్రము అదే శుక్రుడు హస్త మొదటి పాదమున, మేషనవాంశలో ఉన్నాడని వ్రాశారు. ఎవరి లెక్క తప్పు?

మామయ్య: ఎవరిదీ తప్పు కాదు. వారు బెంగుళూరు బి.వి. రామన్ గారి అయనాంశను అనుసరించారు, నేను చిత్రాపక్షమును అనుసరించాను. రెండింటికీ భేదము ఇంచుమించు 1 డిగ్రీ 27 లిప్తలు. రామన్ అయనాంశ చిన్నది గనుక దానితో గ్రహాలన్నీ అంతమేర ముందుకు జరుగుతాయి. మన శుక్రుడు 10 డిగ్రీల 37 లిప్తలకు చేరి గీత దాటాడు. రాశి మారలేదు, నీచత్వము పోలేదు; పాదము మాత్రమే మారింది.

మేనకోడలు: పాదము మాత్రమేనా! మీరు ఇందాక స్థైర్యమన్నది ఆ పాదములోనే గదా ఉన్నది. 1 డిగ్రీ 27 లిప్తలంటే 87 లిప్తలు, మీ నవాంశ 200 లిప్తలు. అంటే ఎక్కడో ఒకచోట ఉన్న గ్రహము ఈ భేదము వల్ల మరొక నవాంశకు మారిపోయే అవకాశము నూటికి 43 పాళ్లకు పైనే. ఇంచుమించు రెండు గ్రహాలలో ఒకటి ఏ నవాంశలో ఉన్నదో మీ శాస్త్రజ్ఞులే ఏకాభిప్రాయమునకు రాలేదన్నమాట. ఆ కొలబద్దతో ఆడపిల్ల భవిష్యత్తును కొలుస్తారా?

మామయ్య: చిత్రాపక్షము ఎవరో ఒకరి అభిప్రాయమని కొట్టివేయకు. 1952లో భారతప్రభుత్వము మేఘనాథ్ సాహా అధ్యక్షతను పంచాంగసంస్కరణ సంఘమును నియమించింది. 1955లో ఆ సంఘము ఇచ్చిన నివేదికలో 1956 మార్చి 21నాటికి అయనాంశ 23 డిగ్రీల 15 లిప్తలని నిర్ణయించింది. రాష్ట్రీయ పంచాంగము నేటికీ దానినే అనుసరిస్తున్నది.

మేనకోడలు: ఆ సంఘము పండుగలకును పర్వదినాలకును దేశమంతటా ఒకే గణన ఉండాలని అంకెను నిర్ణయించింది, పెండ్లి ఫలితాలకు కాదు. ప్రభుత్వము నిర్ణయించిన అంకె వ్యవహారమునకు సౌకర్యము. అది ఆకాశము చెప్పిన సత్యము కాదు. రాశిచక్రమునకు ఆకాశములో గీత గీసి ఉండలేదు గనుకనే ఇన్ని అయనాంశలు.

(ఇక్కడ వ్యాసకర్త ఒక మాట చెప్పవలసియున్నది. ఈ ఆక్షేపణకు జ్యోతిషులు సాధారణముగా ఇచ్చే సమాధానము, తమ అయనాంశతో ఫలితములు సరిపోవుచున్నవి గనుక అదియే సరియైనది అని. ఫలితము చెప్పుటకు అయనాంశ కావలెను, అయనాంశను నిర్ణయించుటకు ఫలితము కావలెను; ఈ అన్యోన్యాశ్రయమును ఎవరును నాకు తృప్తి కలుగునట్లు విప్పి చూపలేదు. మేనమామ ఆ మార్గము తొక్కకుండుట ఆయన నిజాయితీకి గుర్తు.)

మామయ్య: నీ 43 పాళ్ల లెక్కను నేను కాదనను. కాని నవాంశ మారినంత మాత్రాన బలము మారుతుందా అన్నది వేరు ప్రశ్న. ఢిల్లీకే కట్టిన ఒక చక్రము చూడు, అందరికీ తెలిసినది: 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి, స్వాతంత్ర్యవేళ. చిత్రాపక్షములో గురుడు తులలో 25 డిగ్రీల 52 లిప్తలు, వృషభనవాంశ. శుక్రుడు కర్కాటకములో 22 డిగ్రీల 33 లిప్తలు, మకరనవాంశ. రామన్ అయనాంశతో గురుడు మిథునమునకు, శుక్రుడు కుంభమునకు మారుతారు. రవి, చంద్ర, కుజ, బుధ, శనులు మారరు. మారిన ఇద్దరి సంగతి ఏమి? మకరము, కుంభము రెండును శనివే, శని శుక్రునికి మిత్రుడు. వృషభము శుక్రునిది, మిథునము బుధునిది, ఇద్దరును గురునికి శత్రువులే. నవాంశ పేరు మారింది, బలము పెద్దగా మారలేదు. అదే చక్రములో శని కర్కాటకమున శత్రువింట ఉన్నా నవాంశలో స్వక్షేత్రమైన మకరమున ఉన్నాడు. ఆ మాట రెండు అయనాంశలతోను నిలుస్తుంది. నేనైతే అటువంటి చోట మాత్రమే నవాంశను గట్టిగా మాటలాడిస్తాను.

మేనకోడలు: అయితే చెల్లెలి చక్రములో?

మామయ్య: అక్కడ నిలువదు. మీనములో ఉచ్చుడు, మేషములో కుజుడి ఇంట సముడు. శుక్రుడు కన్యలో 8 డిగ్రీలలో ఉంటే రెండు అయనాంశలతోను మీననవాంశలోనే ఉండేవాడు, నేను ధైర్యముగా వ్రాసేవాడిని. 9 డిగ్రీల 10 లిప్తలంటే గీతకు 50 లిప్తల దూరము. ఈ దూరము 1 డిగ్రీ 27 లిప్తలకు తక్కువైనప్పుడు రెండు విధాలా లెక్కించి, తీర్పు మారితే నవాంశను పక్కన పెట్టి రాశితోనే మాటలాడాలి. నేను ఈ ఉత్తరములో ఆ జాగ్రత్త తీసికొనలేదు, నిజమే. వ్రాసిన మాట మార్చి వ్రాస్తాను.

మేనకోడలు: నవాంశలగ్నమును గురించి కూడా వ్రాశారు. నవాంశలో లగ్నము వృశ్చికము, వర్గోత్తమము, దానికి పంచమమున ఉచ్చశుక్రుడు అని.

మామయ్య: గ్రహమునకు, లగ్నమునకు ఇక్కడ పెద్ద భేదమున్నది. పుట్టిన సమయము పావుగంట అటుఇటు అయినా శుక్రుడు ఒక లిప్త కూడా కదలడు. అతనికి అయనాంశ సందేహమే గాని గడియారపు సందేహము లేదు. లగ్నమట్లా కాదు. ఇరువదినాలుగు గంటలలో 108 నవాంశలు ఉదయిస్తాయి గనుక సగటున ఒక్కొక్కదానికి 13 నిమిషాల 20 సెకన్లు. ఈ సగటు కూడా ప్రతి ఊరికీ, ప్రతి రాశికీ ఒకటి కాదు. ఢిల్లీ అక్షాంశము 28 డిగ్రీలకు పైన. ఇక్కడ మీనము త్వరగా ఉదయిస్తుంది, దాని నవాంశకు 10 నిమిషాలు కూడా పట్టదు. సింహ, కన్య, తుల, వృశ్చికములు మెల్లగా ఉదయిస్తాయి, వాటి నవాంశకు 15 నిమిషాలు దాటుతుంది. దీనికి తోడు కాలభేదము. మన గడియారము 82 డిగ్రీల 30 లిప్తల రేఖాంశమునకు నడుస్తుంది. రాజమహేంద్రవరము ఆ రేఖకు దగ్గర, అక్కడ స్థానికకాలమునకు, గడియారమునకు మూడు నిమిషాలే తేడా. అక్కడ ఉదయాది ఘడియలు లెక్కకట్టి అలవాటు పడిన సిద్ధాంతి ఆ మూడు నిమిషాలను విస్మరించినా పెద్ద నష్టము లేదు. అదే అలవాటుతో ఢిల్లీలో పుట్టిన బిడ్డకు జాతకము వేస్తే, ఇక్కడ తేడా 21 నిమిషాలు గనుక, నవాంశలగ్నము తప్పకుండా మారిపోతుంది, ఒక్కొక్కప్పుడు రెండు నవాంశలు తప్పిపోతుంది. ఇక్కడి పిల్లలకు ఊరిలో వేయించిన పాత జాతకములలో నేను మొదట వెదకేది ఈ తప్పునే. స్థానికకాలమును వాడారా, గడియారపు కాలమును వాడారా అని జాతకము తలమీద వ్రాసి ఉన్నదేమో చూస్తాను. వ్రాసి లేకపోతే మళ్ళీ లెక్కిస్తాను.

మేనకోడలు: ఇంత సూక్ష్మముగా దోషములను గుర్తించగల మీరు అసలు ప్రశ్నను ఎందుకు దాటవేస్తున్నారు? లెక్క ఎంత శుద్ధమైనా, లెక్కించిన వస్తువుకూ పెండ్లికీ సంబంధమున్నదని ఎవరు చూపారు? జయంత్ నార్లికర్ గారు పూణేలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో మేటి పిల్లల జాతకములను, బుద్ధిమాంద్యము గల పిల్లల జాతకములను కలిపి జ్యోతిషులకిచ్చి వేరు చేయమన్నారు. 27 మంది ఒక్కొక్కరు నలుబదేసి చక్రములు చూచారు. సరిపోయినవి నూటికి 46. నాణెమెగురవేసినా సగము సరిపోతాయి గదా!

మామయ్య: ఆ పరీక్ష బుద్ధిని గురించినది, వివాహమును గురించినది కాదు.

మేనకోడలు: వివాహమును గురించిన పరీక్ష మీరు పెట్టండి, నేను లెక్క చూస్తాను. విశ్వవిద్యాలయాలలో జ్యోతిషము ప్రవేశపెట్టినప్పుడు హైదరాబాదు సి.సి.ఎం.బి. స్థాపించిన పి.ఎం. భార్గవ గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి ఈ ఢిల్లీ సుప్రీంకోర్టు దాకా వచ్చారు. 2004లో ఆయన అప్పీలు వీగిపోయింది. దానిని మీవారు విజయమని చెప్పుకొంటారు. కోర్టు చెప్పినది ఏ పాఠ్యాంశము బోధించాలన్నది విద్యాసంస్థల నిర్ణయమని. నవాంశ నిజమని కాదు.

మామయ్య: కోర్టు తీర్పును నేను ఎన్నడూ సాక్ష్యముగా చూపలేదు. మా భవన్‌లో జ్యోతిషమునకు పేరు తెచ్చిన కోటంరాజు నారాయణరావు గారు మన మచిలీపట్నమున పుట్టి, ఆడిట్ అకౌంట్స్ సర్వీసులో పెద్దపదవి చేసి విరమించినవారు. వారి చుట్టూ ఏర్పడిన తరగతులలో మాకు నేర్పిన మొదటి క్రమశిక్షణ ఏమంటే, ఒక యోగమును చెప్పేముందు అది ఎన్ని జాతకములలో నిలిచిందో చూడమని. ఆ అలవాటు నాకు పట్టింది. వివాహమునకు నవాంశను ఎందుకు చూస్తారో సంప్రదాయము చెప్పిన కారణము నాకు తెలుసు: పరాశరుడు వర్గులను పంచినప్పుడు కళత్రమును నవాంశకిచ్చాడు, తొమ్మిది సంఖ్య ధర్మస్థానము గనుక సహధర్మచారిణి అక్కడ కనబడుతుందని పెద్దలు వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యానము నా మనస్సుకు హితముగా ఉన్నది. అది నీకు నిరూపణ కాదని కూడ ఎరుగుదును.

మేనకోడలు: ఎన్ని జాతకములలో నిలిచిందో చూడమన్నారు. నిలువనివి ఎన్నో వ్రాసిపెట్టుకొన్నారా?

మామయ్య: వ్రాసిపెట్టుకొన్నాను, కాని పెండ్లి అయినవారివే నా దగ్గరకు వస్తాయి. కానివారు ఎందుకు చూపిస్తారు? చూపించినా, ఫలితము తెలిసిన తరువాత చూచిన చక్రములో కారణము కనబడకపోవడము అరుదు.

మేనకోడలు: నా ఆక్షేపణ అంతా అదే మామయ్యా, మీ నోటనే వచ్చింది. శుక్రునికి మంచి నవాంశలు ఎన్ని? స్వక్షేత్రములు వృషభ, తులలు, ఉచ్చ మీనము: పన్నెండింట మూడు. అంటే పుట్టినవారిలో ఇంచుమించు నాలుగవవంతు మందికి శుక్రుడు నవాంశలో బలవంతుడే. మిత్రనవాంశలు కలిపితే సగమవుతుంది. దానికి గురుని, సప్తమాధిపతిని, నవాంశలగ్నపు సప్తమమును చేర్చితే ఏదో ఒక శుభము, ఏదో ఒక దోషము ప్రతివారికీ ఉండితీరుతుంది. ఏది ముందుగా చెప్పాలో, ఏది చెప్పకూడదో నియమము లేకపోతే అది పరీక్షకు నిలువదు.

మామయ్య: నియమము ఉన్నది, పాటించేవారు తక్కువ. వాగ్దానము రాశిచక్రముది: సప్తమము, దాని అధిపతి, కారకుడు. అక్కడ లేని వివాహమును నవాంశ సృష్టించదు, అక్కడ ఉన్నదానిని నవాంశ చెరిపివేయదు; ఎంత గట్టిగా నిలుస్తుందో చెబుతుంది. నవాంశ చక్రమును ఒంటరిగా ముందు వేసుకొని, అందులో గ్రహదృష్టులు కూడ చూచి, కుజుడు శుక్రుని చూచాడు గనుక కలహమని తీర్పులిచ్చేవారున్నారు. గ్రహములు ఆ గళ్లలో నిజముగా నిలిచి లేవు. పాదము ఏ రాశికి చెందినదో సూచించడమే ఆ గడి పని. అక్కడ దృష్టిని లెక్కించడము నేను ఒప్పుకోను. ఢిల్లీలో సంబంధాలు చెడినవాటిలో కొన్ని ఈ రకపు పఠనము వల్ల చెడడము నేను చూచాను, బాధపడ్డాను.

మేనకోడలు: అయితే మీరు వ్రాసే ఉత్తరమును ఆ నియమముతోనే పరీక్షిద్దాము. చెల్లెలి జాతకములో జన్మకాలము ఉదయము 8 గంటల 15 నిమిషాలని ఉన్నది. అమ్మ పెట్టెలో ఆస్పత్రి చీటీ దొరికింది. అందులో 8 గంటల 10 నిమిషాలని ఉన్నది.

మామయ్య: వృశ్చికమునకు ఢిల్లీలో డిగ్రీకి నాలుగున్నర నిమిషాలకు కొంచెము పైన. అయిదు నిమిషాలంటే 1 డిగ్రీ 5 లిప్తలు. 14 డిగ్రీలలో అది తీసివేస్తే 12 డిగ్రీల 55 లిప్తలు. వృశ్చికమునకు కర్కాటకముతో మొదలు. 10 డిగ్రీల నుండి 13 డిగ్రీల 20 లిప్తల దాకా తులానవాంశ. వర్గోత్తమము పోయింది. తులకు మీనము ఆరవది. పంచమమున ఉన్నాడన్న శుక్రుడు షష్ఠమునకు పోయాడు.

మేనకోడలు: ఏది నిజము?

మామయ్య: చీటీలో వ్రాసిన నర్సు ఏ గడియారము చూచిందో, ఏ క్షణమును జననమన్నదో మనకు తెలియదు. రెండింటిలో ఒకటి ఎన్నుకొంటే నేను ఫలితమును ఎన్నుకొన్నట్లే అవుతుంది. నవాంశలగ్నమును గురించిన వాక్యములు కొట్టివేస్తున్నాను. శుక్రుని నవాంశ రెండు అయనాంశలతో రెండు విధములని, అందుచేత అటువారు మేషనవాంశను గాని, మేము ఉచ్చనవాంశను గాని సాక్ష్యముగా చూపకూడదని వ్రాస్తాను. సప్తమాధిపతి ఏకాదశమున ఉన్నాడన్నది రెండు పద్ధతులలోను సమానము. అది మాత్రము ఉంచుతాను.

మేనకోడలు: అది కూడ నేను నమ్మను. కాని అటువారు లెక్క అడిగితే లెక్క సరిగా ఉండాలి. వరుని జాతకమునకును ఇదే నియమము వర్తిస్తుందని ఒక వాక్యము చేర్చండి. వారి శుక్రుడు, వారి లగ్నము గీతకు ఎంత దూరములో ఉన్నాయో డిగ్రీలు, లిప్తలతో వ్రాసి పంపమని అడగండి. వారి పిల్లవాడు పుట్టిన సమయము ఆస్పత్రి కాగితము నుండి తీసినదా, ఎవరి జ్ఞాపకము నుండి తీసినదా అన్నది కూడ అడగండి.

మామయ్య: అడుగుతాను. వారు ఢిల్లీ వజ్రచక్రము చదవలేరు. చతురస్రము వేసి పంపుతాను, శుక్రుని గడి పక్కన రెండు పాదములూ వ్రాసి.